ఆపేసిన టీవీ నిద్రపోతోందా, కళ్లు మూసుకుని మేలుకునే ఉందా?

మే నెల కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని కరీంనగర్ నుంచి బాపు ఫోన్ చేశాడు. 204 యూనిట్లు వచ్చాయట. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద, 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా వస్తుంది. 200 దాటితే మాత్రం దాటిన నాలుగింటికే కట్టి ఊరుకోవడం కుదరదు, మొత్తానికీ కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు, 200 పైవాటికి 7.70. అంటే 1,020కి ఇంకో 30.80 కలిపి 1,050 రూపాయల 80 పైసలు, మిగతా ఛార్జీలు వేరు. ఏడాదిగా సున్నా బిల్లు చూస్తున్న మనిషికి అది పెద్ద దెబ్బే.

"పోయినేడు గూడ ఇదే కూలరుండె, ఇదే ఫ్రిజ్ ఉండె. కొత్తగ వచ్చిందంటే టీవీ ఒక్కటే. అది గంత తింటదారా?" అన్నాడు.

తినదని చెప్పాను. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ, నడిచేటప్పుడు 75 వాట్లు. రోజుకు ఐదు గంటలు చూసినా నెలకు పదకొండు యూనిట్లు, పాత టీవీ కూడా దగ్గర దగ్గర అంతే కాల్చేది. కూలర్ మోటార్ చూపించమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ జవాబు తప్పని పది రోజుల తర్వాత తెలిసింది. నేను టీవీ నడిచే ఐదు గంటల లెక్కే వేశాను. మిగతా పంతొమ్మిది గంటలు దాన్ని "ఆపేసి" ఉంచుతాం కాబట్టి ఆ గంటల్ని లెక్కలోకే తీసుకోలేదు.

ఆ పంతొమ్మిది గంటల గురించే ఈ వ్యాసం. టీవీల్లో క్విక్ స్టార్ట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ఎల్‌జీ టీవీల్లో దాని పేరు `Quick Start+`, రోకు టీవీల్లో `Fast TV start`, శామ్‌సంగ్ పాత మోడళ్లలో `Instant On`. పేరేదైనా ఇచ్చే మాట ఒక్కటే: బటన్ నొక్కగానే బొమ్మ వస్తుంది. దానికి బదులుగా మన దగ్గర ఏం తీసుకుంటుందో అంత స్పష్టంగా చెప్పరు. చాలా ఇళ్లలో దీన్ని ఆపేయడమే మంచిదని నా వాదన. ఎందుకో మా ఇంటి టీవీ మీదే చూపిస్తాను.

ముందు టీవీ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇప్పటి టీవీ అంటే పెద్ద తెర తగిలించిన ఒక చిన్న కంప్యూటర్. అందులో ప్రధాన చిప్ ఒకటి, ఒకటిన్నరో రెండో జీబీల ర్యామ్, ఎనిమిది జీబీల స్టోరేజ్ ఉంటాయి. వీటికి పక్కన కాపలాదారు లాంటి ఒక బుల్లి చిప్ కూడా ఉంటుంది. మామూలు స్టాండ్‌బైలో ప్రధాన చిప్‌కీ, ర్యామ్‌కీ, వైఫైకీ కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. ఆ కాపలా చిప్, రిమోట్ వెలుగును పట్టుకునే కన్ను, ముందున్న ఎర్ర లైటు మాత్రమే బతికి ఉంటాయి. వీటికి అర వాటు కూడా అక్కర్లేదు. మనం బటన్ నొక్కితే కాపలా చిప్ ప్రధాన చిప్‌ను లేపుతుంది. అక్కణ్నించి కంప్యూటర్ మొదలైనట్టే అన్నీ వరుసగా జరగాలి: మొట్టమొదట లేచే బూట్‌లోడర్, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, దాని మీద నడిచే ఆండ్రాయిడ్, ఆ తర్వాత హోమ్ స్క్రీన్. టీవీల్లో పెట్టే స్టోరేజ్ చిప్‌లు ఫోన్లలో ఉన్నంత వేగంగా ఉండవు కాబట్టి దీనికి సమయం పడుతుంది. మా ఇంట్లో గడియారం పెట్టి చూస్తే 34 సెకన్లు.

క్విక్ స్టార్ట్ ఈ 34 సెకన్లను ఎగ్గొట్టడానికి రెండు దార్లున్నాయి. తేడా అంతా అవి రెండూ ఒకటి కాకపోవడంలోనే ఉంది.

మొదటిది నిజమైన నిద్ర. ప్రధాన చిప్‌ను ఆపేసి, ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోకుండా దానికి మాత్రం కొద్దిగా కరెంటు ఇస్తూ ఉంటారు. ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడు జరిగేది ఇదే. ఇలా చేసే టీవీకి ఒకటి రెండు వాట్లు చాలు. రెండోది నటన. తెరా, తెర వెనుక లైట్లూ ఆపేసి, లోపల కంప్యూటర్‌ను మాత్రం నడుస్తూనే ఉంచుతారు. వైఫై పట్టుకునే ఉంటుంది, యాప్‌లు ర్యామ్‌లో ఉంటాయి, ప్రధాన చిప్ మెలకువగానే ఉంటుంది. గది చీకటిగా ఉండేసరికి మనకు టీవీ ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఇలాంటి టీవీ పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై వాట్లు లాగుతూనే ఉంటుంది. సెట్టింగ్ పేరు చూసి మీ టీవీ ఏ రకమో చెప్పలేం. కొలవాల్సిందే.

ఆ శనివారం ప్లగ్ మీటర్ ఒకటి పట్టుకుని ఊరికి వెళ్లాను. అది గోడ సాకెట్‌కీ టీవీ ప్లగ్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె, ఎన్ని వాట్లు పోతున్నాయో చూపిస్తుంది. రిమోట్‌తో టీవీ ఆపాం. అంకె 75 నుంచి 20 దగ్గరికి పడి ఆగింది. కొన్ని నిమిషాలకు 14కు దిగింది. ఇంకా దిగుతుందని కూర్చున్నాను, దిగలేదు. ఆ రాత్రంతా మీటర్ అలాగే ఉంచితే సగటు కూడా 14 దగ్గరే తేలింది. పొద్దున సెట్టింగుల్లోకి వెళ్లి క్విక్ స్టార్ట్ ఆపేసి, టీవీ మళ్లీ ఆపి చూస్తే అంకె సున్నాకు దగ్గరగా, 0.4 దగ్గర నిలిచింది.

లెక్క ఇలా వస్తుంది. 14 వాట్లు, రోజుకు 19 గంటలు, 30 రోజులు: దాదాపు ఎనిమిది యూనిట్లు. అదే 0.4 వాట్లయితే నెలంతటికీ పావు యూనిట్ కూడా కాదు. టీవీ చూసినందుకు పదకొండు యూనిట్లు, చూడనందుకు ఎనిమిది! బాపు బిల్లులో 204 ఉన్నాయి. ఆ ఎనిమిదీ లేకపోతే 196 దగ్గర ఆగేది, బిల్లు సున్నా వచ్చేది. కూలర్ రోజుకు ఒక గంట తక్కువ వాడినా అంతే జరిగేదని ఎవరైనా అనవచ్చు, అదీ నిజమే. కానీ కూలర్ వాడితే మనిషికి చల్లగా ఉంటుంది. ఈ ఎనిమిది యూనిట్లు ఎవరికీ అందకుండానే పోయాయి.

ప్లగ్ మీటర్ లేనివాళ్లు ఇంటి కరెంటు మీటర్‌తోనే చూసుకోవచ్చు. మీటర్ మీద `3200 imp/kWh` అనో, `1600 imp/kWh` అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయితే ఆ చిన్న ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి (ఇన్వర్టర్ ఛార్జింగ్ కూడా ఆపాలి, అది మర్చిపోతే లెక్కంతా తప్పుతుంది) ఒక్క తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు మాత్రం వేయండి. 3200 మీటర్ అయితే ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య 125 సెకన్లు పడుతుంది. ఇప్పుడు టీవీని రిమోట్‌తో ఆపి, గోడ స్విచ్ మాత్రం వేసి ఉంచండి. మా ఇంట్లో ఆ 125 కాస్తా 49 సెకన్లకు వచ్చింది. 1125ను సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి: 1125ను 49తో భాగిస్తే 23. అందులో బల్బు తొమ్మిది, టీవీ పద్నాలుగు. 1600 మీటర్ అయితే 1125కు బదులు 2250 తీసుకోవాలి. బల్బు ఎందుకంటే, మరీ తక్కువ లోడ్ ఉంటే కొన్ని మీటర్లు అసలు కదలవు. తోడుగా బల్బు ఉంటే టీవీ తీసుకునే కొద్దిపాటి కరెంటు కూడా తేడాగా బయటపడుతుంది. ఒక జాగ్రత్త: క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు కొలిచి 230తో గుణించకండి. స్టాండ్‌బైలో ఉన్న టీవీ సప్లై విషయంలో ఆ గుణకారం అసలు వాట్ల కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది.

ఐరోపా యూనియన్‌లో ఎలక్ట్రానిక్ తెరలకు 2019/2021 అనే నిబంధన ఉంది. 2021 మార్చి 1 నుంచి అక్కడ స్టాండ్‌బైలో సాధారణంగా 0.5 వాట్లు, నెట్‌వర్క్‌కు అంటిపెట్టుకుని ఉండే స్టాండ్‌బైలో 2 వాట్లు దాటకూడదు. అంటే వైఫైతో లేపగలిగే టీవీని రెండు వాట్లలో నడపడం సాధ్యమే. పద్నాలుగు వాట్లు తినడం క్విక్ స్టార్ట్‌కు తప్పనిసరి ఏమీ కాదు. నిజమైన నిద్రకు కావలసిన సాఫ్ట్‌వేర్ పని చేయకుండా తెర ఒక్కటే ఆపి వదిలేయడం వల్ల వచ్చే ఖర్చు అది. నాకు కోపం వచ్చేది అక్కడే.

కరెంటు సంగతి ఇక్కడికి ఆపుతాను. నన్ను ఇంకా ఎక్కువ ఆశ్చర్యపరిచింది అప్‌డేట్ల సంగతి.

క్విక్ స్టార్ట్ ఇంకా ఆపకముందు, ఆ శనివారం మధ్యాహ్నమే అమ్మ ఇంకో మాట చెప్పింది. తను సీరియళ్లు చూసే యాప్ నెల రోజులుగా తెరుచుకోవడం లేదు. "ఈ వెర్షన్ ఇక పనిచేయదు, అప్‌డేట్ చేసుకోండి" అంటోంది. అప్‌డేట్ నొక్కితే చోటు చాలదంటోంది. మేనల్లుడు వచ్చినప్పుడు రెండు ఆటలు తీసేశాడట, అయినా చాలలేదట. "టీవీ కొని ఏడాదన్న కాలే, అప్పుడే పాతదైపాయెనా?" అంది.

సెట్టింగుల్లో సిస్టమ్ అప్‌డేట్ తెరిచాను. అప్‌డేట్ దిగి కూర్చుని ఉంది, పూర్తి కావాలంటే రీస్టార్ట్ చేయమంటోంది. ఇది మీకు ఎప్పుడూ కనపడలేదా అని అడిగితే అమ్మ చెప్పింది: "రోజూ కనవడ్తది. టైమయితదని బ్యాక్ కొడ్త." మరి రీస్టార్ట్ ఎప్పుడు జరిగింది? ల్యాప్‌టాప్ తీసి, టీవీ డెవలపర్ ఆప్షన్లలో డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌ను ప్రశ్నలడిగే `adb` అనే పనిముట్టుతో అడిగాను. తెర ఆపేసి ఉండగా అడిగిన ప్రశ్నలివి:

```
adb connect 192.168.1.20:5555
adb shell dumpsys power | grep mWakefulness=
adb shell uptime
```

రెండో దానికి `mWakefulness=Asleep` అని జవాబొచ్చింది. నిద్రపోతున్నానని టీవీయే జవాబు చెబుతోంది! ఆండ్రాయిడ్ దృష్టిలో అది నిద్రే, ఎందుకంటే తెర ఆగింది. కానీ కింద కెర్నల్ మెలకువగా ఉంది కాబట్టే ఆ మాటైనా చెప్పగలిగింది. ప్లగ్ మీటర్‌లో కనిపించిన 14 వాట్లు ఈ మెలకువకే. మూడో దానికి వచ్చిన జవాబులో `up 61 days` అని ఉంది. అరవై ఒక్క రోజులుగా ఆ కంప్యూటర్ ఒక్కసారి కూడా మళ్లీ మొదలు కాలేదు.

కరీంనగర్‌లో అరవై రోజులు కరెంటు పోకుండా ఉంటుందా అని నాకూ అనుమానం వచ్చింది. పోతుంది. కానీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, టీవీ పాయింట్ దాని మీదే ఉంది. వెనక్కి లెక్కపెడితే సరిగ్గా బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి ఇన్వర్టర్ ఆపిన రోజు దగ్గర తేలింది. బాపు క్యాలెండర్ మీద ఆ తేదీ రాసుకున్నాడు కాబట్టి తెలిసింది. (పని అయ్యాక డీబగ్గింగ్ మళ్లీ ఆపేశాను. దాన్ని తెరిచి వదిలేయకూడదు.)

ఇక్కడ అప్‌డేట్ ఎలా పడుతుందో కొంచెం చెప్పాలి. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో రెండు పనులున్నాయి, దించుకోవడం, ఎక్కించుకోవడం. దించుకోవడానికి ఇంటర్నెట్ ఉంటే చాలు, వెనకాల జరిగిపోతుంది. ఎక్కించుకోవాలంటే నడుస్తున్న సిస్టమ్ ఆగి, కొత్తది మొదలవ్వాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి రెండు అరల పద్ధతి ఒకటి ఉంది. సిస్టమ్‌కు రెండు అరలు ఉంటాయి, ఒక అరలోంచి టీవీ నడుస్తుండగానే కొత్త సిస్టమ్‌ను రెండో అరలో సర్దేస్తారు. తర్వాత రీస్టార్ట్ అయినప్పుడు ఆ రెండో అరలోంచి లేస్తుంది. అది లేవకపోతే పాత అరకే తిరిగి వస్తుంది, మంచి ఏర్పాటు. కానీ చోటు తక్కువున్న చవక టీవీల్లో తరచూ పాత పద్ధతే ఉంటుంది: ప్యాకేజీ మొత్తం దించి స్టోరేజ్‌లో పెట్టుకుంటుంది, రీస్టార్ట్ అయ్యి రికవరీ అనే వేరే మోడ్‌లోకి వెళ్తుంది, అక్కడ ఎక్కించుకుంటుంది. ఏ పద్ధతైనా రీస్టార్ట్ లేకుండా పని ముగియదు. క్విక్ స్టార్ట్ పని ఆ రీస్టార్ట్ జరగకుండా చూడటమే. టీవీ ఆపి మళ్లీ వేస్తున్నామని మనం అనుకుంటాం. టీవీకి మాత్రం అది తెర ఆపి తెర వేయడమే.

మా ఇంట్లో జరిగిన గొలుసు ఇప్పుడు అర్థమైంది. దాదాపు 800 ఎంబీల అప్‌డేట్ ప్యాకేజీ దిగింది. ఎనిమిది జీబీల టీవీలో సిస్టమ్ పోను మనకు మిగిలేదే నాలుగు చిల్లర జీబీలు, అప్పటికే అది నిండి ఉంది. ఎక్కించుకోని ప్యాకేజీ ఆ చోటులోనే కూర్చుంది. అందుకని యాప్‌ల అప్‌డేట్లకు చోటు లేకపోయింది. యాప్ అప్‌డేట్ కాక పాతబడిపోయింది, ఒకరోజు సర్వర్ దాన్ని రానివ్వడం మానేసింది. పైకి చూస్తే "టీవీ పాతదైపోయింది" అన్నట్టే ఉంటుంది. లోపల ఆగింది ఒక్క రీస్టార్ట్.

రిమోట్‌లో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో రీస్టార్ట్ ఎంచుకున్నాను. నల్ల తెర మీద గీత నిండుతూ పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ బాపును స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లనివ్వలేదు, ఎందుకంటే పాత పద్ధతిలో మధ్యలో కరెంటు తీస్తే టీవీ మళ్లీ లేవకపోవచ్చు. లేచాక ప్యాకేజీ పోయి చోటు ఖాళీ అయింది. అరగంటలో పద్నాలుగు యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యాయి. అమ్మ సీరియల్ యాప్ తెరుచుకుంది. రిమోట్ నొక్కితే రెండు సెకన్లు ఆలోచించే జబ్బు కూడా తగ్గింది, రెండు నెలలుగా ర్యామ్‌లో పేరుకున్నదంతా పోయింది కాబట్టి.

అన్ని టీవీలూ ఇంత మొండిగా ఉండవని చెప్పాలి. ఆటో అప్‌డేట్ పెట్టి ఉంటే, మనం ఆపాక అవే ఎక్కించుకుని అవే రీస్టార్ట్ అయ్యే టీవీలు చాలా ఉన్నాయి. అలాంటి టీవీలో క్విక్ స్టార్ట్ ఉన్నా సిస్టమ్ అప్‌డేట్ ఆగదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి `uptime` చూడటం ఒక పద్ధతి. కంప్యూటర్ జోలికి వెళ్లలేనివాళ్లకు తేలికైన గుర్తు ఒకటుంది: పొద్దున టీవీ వేయగానే రాత్రి ఆపిన యాప్, ఆపిన చోటే కనిపిస్తే టీవీ మళ్లీ మొదలు కాలేదని అర్థం. కంపెనీ గుర్తు కాసేపు కనపడి ఆ తర్వాత హోమ్ స్క్రీన్ వస్తే అది కొత్తగా లేచింది. ఇంకో గుర్తు: టీవీ "ఆపి" ఉన్నప్పుడు ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి చూడండి. కాస్ట్ జాబితాలో మీ టీవీ పేరు ఇంకా కనిపిస్తుంటే దాని వైఫై బతికే ఉంది.

ఇంతవరకూ చదివి "అయితే గోడ స్విచ్చే ఆపేస్తే సరిపోతుంది కదా" అనుకునేవాళ్లకు మా అమ్మ కథలో రెండో సగం చెప్పాలి. ఎనిమిది యూనిట్ల లెక్క విన్న రోజు నుంచి అమ్మ రాత్రి పడుకునే ముందు టీవీ స్విచ్ తీసేయడం మొదలుపెట్టింది. నేను చెప్పింది క్విక్ స్టార్ట్ గురించి, తను పట్టుకుంది కరెంటు గురించి. తప్పు నాదే, స్విచ్ తీయొద్దని చెప్పలేదు. నెలన్నర తర్వాత వెళ్తే మళ్లీ యాప్‌ల అప్‌డేట్లు పేరుకుని ఉన్నాయి.

కారణం ఇది. క్విక్ స్టార్ట్ ఆపినా, గోడ స్విచ్ వేసి ఉంటే చాలా టీవీలు అర్ధరాత్రి ఒక అలారం పెట్టుకుని కాసేపు లేస్తాయి. తెర వేయకుండానే అప్‌డేట్ ఉందేమో అడిగి, ఉంటే దించుకుని, ఎక్కించుకుని మళ్లీ పడుకుంటాయి. మనం గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు "టక్" మని వినే చప్పుడు, ఎర్ర లైటు కాసేపు మిణకడం, ఇలాంటివే. స్విచ్ తీసేస్తే ఆ అవకాశం పోతుంది. ఇక టీవీకి మిగిలేది మనం చూసే ఐదు గంటలే. యాప్‌లు అప్‌డేట్ కావడానికి చూసుకునేది టీవీ ఖాళీగా ఉండే సమయం, ఆ ఐదు గంటల్లో అది దొరకదు.

గోడ స్విచ్‌తో ఇంకో చిక్కు గడియారం. చాలా టీవీల్లో గడియారానికి విడిగా బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంది, ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే దాకా అంతే. ఈలోగా యాప్ తెరిస్తే సర్టిఫికెట్ తేదీ సరిపోక కనెక్ట్ కాదు. "నెట్ ఉంది కానీ ఏదీ రావట్లేదు" అని పొద్దున్నే వచ్చే ఫోన్లలో కొన్ని దీనివల్లే. నిమిషం ఆగితే సర్దుకుంటుంది.

ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్లు మాత్రం గోడ స్విచ్ అసలు తీయకూడదు. ఆ తెరలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఎక్కువ వెలిగింది ఎక్కువ అరుగుతుంది. ఎల్‌జీ ఓఎల్‌ఈడీల్లో మొత్తం నాలుగు గంటలు చూశాక, టీవీ ఆపినప్పుడు కొన్ని నిమిషాల పాటు ఆ అరుగుదలను సరిచేసే పని ఒకటి దానంతట అదే జరుగుతుంది. స్టాండ్‌బైలో ఉంటేనే జరుగుతుంది. రోజూ స్విచ్ తీసేస్తే అది ఎప్పటికీ పూర్తికాక, న్యూస్ ఛానల్ స్క్రోలింగ్ పట్టీ నీడలా తెర మీద మిగిలిపోయే ప్రమాదం పెరుగుతుంది. దీనికి క్విక్ స్టార్ట్ అక్కర్లేదు. అర వాటు కూడా తినని మామూలు స్టాండ్‌బై చాలు.

అంటే రెండు కొసల్లోనూ అప్‌డేట్లకు దెబ్బే. క్విక్ స్టార్ట్‌తో టీవీ అసలు ఆగదు, ఎక్కించుకోవడం ఆగిపోతుంది. గోడ స్విచ్‌తో టీవీ అసలు ఉండదు, దించుకోవడం ఆగిపోతుంది. క్విక్ స్టార్ట్ ఆపేసి, స్విచ్ మాత్రం వేసి ఉంచితే రెండూ జరుగుతాయి, కరెంటు లెక్కా నెలకు పావు యూనిట్ దాటదు. నా వాదన ఇంతే.

దీనికి ఎదురు చెప్పగలిగిన మాటలు రెండున్నాయి. ఒకటి, కొన్ని టీవీలు క్విక్ స్టార్ట్‌లో కూడా నిజంగానే రెండు వాట్లలోపు ఉంటాయి. మీరు కొలిస్తే అలా తేలితే నెలకు ఖర్చు ఒక యూనిట్ చిల్లర. అప్పుడు ఉంచుకోండి, వారానికోసారి పవర్ బటన్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేయండి, అంతే చాలు. రెండోది, ఫోన్‌లో కాస్ట్ నొక్కితే టీవీ దానంతట అది లేవడం, దూరం నుంచే పిలిస్తే పలకడం కొన్ని టీవీల్లో క్విక్ స్టార్ట్ లేకపోతే పనిచేయవు. మంచం మీదున్న మనిషి గొంతుతో టీవీ వేసుకునే ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ ఇంట్లో పద్నాలుగు వాట్లైనా నేను ఆపమని చెప్పను. కానీ సెట్‌టాప్ బాక్స్ ద్వారా ఛానళ్లు మాత్రమే చూసే ఇంట్లో దీని వల్ల వచ్చేది దాదాపు ఏమీ లేదు. టీవీ రెండు సెకన్లలో వచ్చినా పెట్టె తన సమయం తాను తీసుకుంటుంది, ఆ సేపు చూసేది "సిగ్నల్ లేదు" అన్న మాటే.

34 సెకన్ల మీద మొదట గొడవ చేసింది బాపు. ఏడు గంటల వార్తల హెడ్‌లైన్లు పోతున్నాయట. "పాతదే నయముండె, ఒత్తంగనే వచ్చేది" అన్నాడు. అది నిజమైన ఫిర్యాదే, నేను కొట్టిపారేయలేదు. రోజుకు ఆరుసార్లు టీవీ వేస్తే మూడున్నర నిమిషాలు ఎదురుచూపు. మూడున్నర నిమిషాలా, నెలకు ఎనిమిది యూనిట్లా అని ఆయన్నే అడిగాను. వేసవి నాలుగు నెలలు ఆపి ఉంచుదాం, 200కు దగ్గరగా వచ్చేది అప్పుడే కదా, చలికాలంలో మళ్లీ వేద్దాం అన్నాడు.

ఆ బేరం నాకు సబబుగానే తోచింది, కరెంటు వరకు. అప్‌డేట్ల సంగతికి అది సరిపోదు, చలికాలంలో మళ్లీ అరవై రోజుల లెక్కే మొదలవుతుంది. అందుకని క్యాలెండర్‌లో ఇన్వర్టర్ నీళ్ల తేదీ పక్కనే ప్రతి ఆదివారం మీదా చిన్న "టీ" అక్షరం రాశాడు. ఆ రోజు పొద్దున పవర్ బటన్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టి, టీవీ లేచేలోపు చాయ్ పెట్టుకోవడానికి వెళ్తున్నాడు.